టన్నెల్ డయోడ్: గ్రాఫులో కిందికి దిగే ఆ చిన్న వాలు

ఈసీఈ విద్యార్థులు పరీక్షలో టన్నెల్ డయోడ్ గ్రాఫును కళ్లు మూసుకుని గీసేస్తారు. కరెంటు ముందు పైకి లేస్తుంది, ఒక శిఖరం తాకుతుంది, అక్కడి నుంచి కిందికి దిగి లోయలో పడుతుంది, ఆ తర్వాత మామూలు డయోడ్ లాగా మళ్లీ పైకి పోతుంది. మధ్యలో కిందికి దిగే ఆ వాలునే నెగటివ్ రెసిస్టెన్స్ ప్రాంతం అంటారు.

నిజమైన డయోడ్‌ను బెంచ్ మీద పెట్టి ఇదే గ్రాఫును కొలవబోతే కథ వేరుగా ఉంటుంది. 1N3712 లాంటి ఒక మిల్లీఆంప్ జెర్మేనియం డయోడ్‌ను తీసుకుని, ఒక కిలో ఓం రెసిస్టర్ ద్వారా వోల్టేజిని మెల్లగా పెంచితే, 65 మిల్లీవోల్టుల దగ్గర కరెంటు ఒక మిల్లీఆంప్‌కు చేరుతుంది. ఇంకాస్త పెంచగానే మీటర్ ఒక్కసారిగా దాదాపు అర వోల్టుకు దూకుతుంది. మధ్యలో ఉండాల్సిన వాలు మొత్తం మాయం. రెసిస్టర్‌ను బాగా తగ్గించి మళ్లీ ప్రయత్నిస్తే దూకడం ఆగుతుంది కానీ, వాలు ఉండాల్సిన చోట ఒక చదునైన మెట్టు వస్తుంది. డయోడ్ దగ్గరికి వేలు తీసుకెళ్తే రీడింగ్ కదులుతుంది. డయోడ్ పాడైందని చాలామంది ఈ దశలోనే దాన్ని పక్కన పడేస్తారు.

నిజానికి అది పాడైపోలేదు. మొదటిసారి అది స్విచ్ లాగా పనిచేసింది, రెండోసారి ఆసిలేటర్ లాగా పనిచేసింది. రెండిట్లోనూ డయోడ్ ఒకటే, వాలు ఒకటే. దాని చుట్టూ ఉన్న రెసిస్టెన్స్, ఇండక్టెన్స్, కెపాసిటెన్స్ మాత్రమే మారాయి. ఈ డయోడ్‌ను అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి దారి లేదు: ఒక డయోడ్‌ను పట్టుకుని, ఆ వాలు ఎప్పుడు దూకుతుందో, ఎప్పుడు ఊగుతుందో, ఎప్పుడు కుదురుగా ఉంటుందో అంకెలతో సహా చూడడం.

వాలు ఎందుకు వస్తుంది

1957లో లియో ఎసాకి టోక్యో త్సుషిన్ కోగ్యో అనే కంపెనీలో పనిచేస్తున్నారు. మరుసటి ఏడాది ఆ కంపెనీయే సోనీగా పేరు మార్చుకుంది. జెర్మేనియంలో ఫాస్ఫరస్ మోతాదు పెంచితే ట్రాన్సిస్టర్లు ఎందుకు చెడిపోతున్నాయన్నది అప్పటి సమస్య. డోపింగ్ బాగా పెంచిన పీ-ఎన్ జంక్షన్లను కొలుస్తూ పోతే, ఫార్వర్డ్ దిశలో ఒకచోట వోల్టేజి పెంచినా కరెంటు తగ్గుతోంది. ఈ ఫలితం 1958 జనవరిలో ఫిజికల్ రివ్యూలో వచ్చింది. 1973లో ఆయనకు దక్కిన నోబెల్ బహుమతి వాటా దీనికే.

మామూలు డయోడ్‌కూ దీనికీ తేడా డోపింగ్‌లోనే ఉంది. సాధారణ జంక్షన్‌లో ఘన సెంటీమీటరుకు పదికోట్లకోట్ల నుంచి అంతకు వందరెట్ల వరకు మలిన పరమాణువులుంటే, టన్నెల్ డయోడ్‌లో 10<sup>19</sup> దాటి ఉంటాయి. దీని వల్ల రెండు మార్పులు వస్తాయి. మొదటిది, రెండు వైపుల మధ్య ఉండే ఖాళీ పొర, అంటే డిప్లీషన్ పొర, పది పదిహేను నానోమీటర్లకు కుంచించుకుపోతుంది. ఇంత పలుచని గోడను ఎలక్ట్రాన్ ఎక్కి దాటాల్సిన పని లేదు. క్వాంటం నియమాల ప్రకారం అందులోంచే అవతలికి తేలగలదు. టన్నెలింగ్ అంటే ఇదే. రెండోది, ఎన్ వైపు కండక్షన్ బ్యాండ్ అడుగు భాగం ఎలక్ట్రాన్లతో నిండిపోతుంది, పీ వైపు వాలెన్స్ బ్యాండ్ పై భాగం ఖాళీ అయిపోతుంది.

ఎదురెదురుగా ఒకే గోడను పంచుకున్న రెండు భవనాలను ఊహించండి. ఎడమ భవనంలో కొన్ని అంతస్తుల నిండా జనం ఉన్నారు. కుడి భవనంలో కొన్ని అంతస్తులు ఖాళీగా ఉన్నాయి, వాటి పైన తలుపులే లేని కట్టుగోడ ఉంది. గోడలోంచి అవతలికి వెళ్లొచ్చు, కానీ ఒకటే షరతు: అదే ఎత్తులో అవతల ఖాళీ గది ఉండాలి. ఫార్వర్డ్ వోల్టేజి ఇవ్వడమంటే ఎడమ భవనాన్ని మొత్తంగా పైకి లేపడం. కొద్దిగా లేపితే నిండిన అంతస్తులు ఖాళీ అంతస్తులకు ఎదురుగా వస్తాయి, జనం దాటడం పెరుగుతుంది. ఈ ఎదురుబొదురు ఎక్కువగా కుదిరేది 65 మిల్లీవోల్టుల దగ్గర. అదే శిఖరం. ఇంకా లేపితే నిండిన అంతస్తులు ఒక్కొక్కటిగా కట్టుగోడకు ఎదురవుతాయి. ఆ కట్టుగోడే సెమీకండక్టర్‌లోని నిషిద్ధ పట్టీ, అక్కడ ఎలక్ట్రాన్‌కు చోటు లేదు. దాటేవాళ్లు తగ్గుతారు, కరెంటు తగ్గుతుంది. 350 మిల్లీవోల్టుల దగ్గరకు వచ్చేసరికి 0.12 మిల్లీఆంప్ మాత్రమే మిగులుతుంది. అది లోయ. అక్కడ కరెంటు పూర్తిగా సున్నా కావాలి కానీ కాదు, ఎందుకంటే నిషిద్ధ పట్టీలో కూడా లోపాల వల్ల అక్కడక్కడా మెట్లు ఉంటాయి, వాటి మీదుగా కొందరు జారుకుంటారు. ఆ పైన మామూలు డయోడ్ కరెంటు మొదలై, అర వోల్టు దగ్గర మళ్లీ ఒక మిల్లీఆంప్‌కు చేరుతుంది.

నెగటివ్ అన్నది దేన్ని

చాలామందిని తికమక పెట్టే మాట ఇది. వాలు మధ్యలో 125 మిల్లీవోల్టుల దగ్గర ఈ డయోడ్‌లో సుమారు 0.6 మిల్లీఆంప్ పారుతుంది. భాగిస్తే 208 ఓంలు వస్తుంది. అది పాజిటివే. డయోడ్ బ్యాటరీ నుంచి 75 మైక్రోవాట్లు తీసుకుంటోంది, తిరిగి ఇవ్వడం లేదు. నెగటివ్ అయ్యేది చిన్న మార్పుల మధ్య నిష్పత్తి మాత్రమే. వాలు బాగా నిటారుగా ఉన్నచోట వోల్టేజి 10 మిల్లీవోల్టులు పెరిగితే కరెంటు 0.08 మిల్లీఆంప్ తగ్గుతుంది. ఆ నిష్పత్తి −125 ఓంలు.

ఈ చిన్న అంకెలోనే ఆసిలేటర్ దాగి ఉంది. మామూలు రెసిస్టర్ మీద చిన్న ఏసీ సిగ్నల్ పెడితే వోల్టేజి, కరెంటు కలిసి పెరిగి కలిసి తగ్గుతాయి, కాబట్టి సిగ్నల్ నుంచి శక్తి రెసిస్టర్‌లోకి పోయి వేడిగా మారుతుంది. ఇక్కడ వోల్టేజి పెరిగినప్పుడు కరెంటు తగ్గుతోంది. అంటే ఏసీ సిగ్నల్ వరకు చూస్తే శక్తి తిరుగు దారిలో, డయోడ్ నుంచి సిగ్నల్‌లోకి పోతోంది. ఆ శక్తి బ్యాటరీ ఇచ్చిన 75 మైక్రోవాట్లలోంచే వస్తుంది. డీసీగా తీసుకున్నదాంట్లో కొంత భాగాన్ని ఏసీగా మార్చి ఇస్తోందన్నమాట, అంతకు మించి మాయ ఏమీ లేదు.

కుదురుగా నిలబెట్టడం

ఇప్పుడు బెంచ్ దగ్గరికి వద్దాం. వాలు మధ్యలో డయోడ్‌ను నిలబెట్టాలంటే ముందు సరఫరా రెసిస్టెన్స్ 125 ఓంల కంటే తక్కువ ఉండాలి. మొదటి ప్రయత్నంలో ఒక కిలో ఓం వాడడమే తప్పు. లోడ్ లైన్, అంటే సెల్, రెసిస్టర్ కలిసి డయోడ్‌కు ఏ వోల్టేజి దగ్గర ఎంత కరెంటు ఇవ్వగలవో చూపే గీత, గ్రాఫు మీద గీసి చూస్తే విషయం తేలిపోతుంది. ఎక్కువ రెసిస్టెన్స్ ఉన్న లోడ్ లైన్ దాదాపు అడ్డంగా పడుకుని ఉంటుంది, గ్రాఫును మూడు చోట్ల కోస్తుంది. మధ్య బిందువు నిలకడ లేనిది. డయోడ్ అక్కడ ఆగదు, అటో ఇటో పోతుంది.

1.5 వోల్టుల సెల్‌కు 220 ఓంలు, 22 ఓంలతో ఒక డివైడర్ కట్టి, 22 ఓంల మీద డయోడ్ పెడదాం. డయోడ్ వైపు నుంచి చూస్తే ఇది 136 మిల్లీవోల్టుల సెల్, దానికి సిరీస్‌లో 20 ఓంలు. డయోడ్ 0.6 మిల్లీఆంప్ తీసుకుంటే 12 మిల్లీవోల్టులు ఆ 20 ఓంల మీద పోయి, డయోడ్ మీద సుమారు 124 మిల్లీవోల్టులు నిలుస్తాయి. లోడ్ లైన్ ఇప్పుడు బాగా నిటారుగా ఉంది, గ్రాఫును ఒకేచోట, సరిగ్గా వాలు మధ్యలో కోస్తోంది. కాగితం మీద అంతా బాగుంది.

అయినా మెట్టు వస్తుంది. కారణం వైర్లు. డయోడ్ జంక్షన్‌కు తనదైన కెపాసిటెన్స్ 5 పికోఫారడ్ల దాకా ఉంటుంది. బ్రెడ్‌బోర్డు మీద పది సెంటీమీటర్ల వైరు అంటే ఉజ్జాయింపుగా 100 నానోహెన్రీల ఇండక్టెన్స్, మిల్లీమీటరుకు ఒక నానోహెన్రీ చొప్పున. తక్కువ ఫ్రీక్వెన్సీలో డయోడ్‌కు ఆ 20 ఓంలు బాగానే కనిపిస్తాయి, దాని నెగటివ్ 125 ఓంలను అవి అదుపులో పెడతాయి. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ వైరు ఇండక్టెన్స్ అడ్డం నిలబడి ఆ 20 ఓంలను డయోడ్‌కు కనిపించకుండా చేస్తుంది. కాపలాదారు దూరమయ్యాడు, లోపల 5 పికోఫారడ్లు, వైరు ఇండక్టెన్స్ కలిసి ఒక ట్యాంక్ సర్క్యూట్ అయ్యాయి, దాని మీద శక్తి పోసే డయోడ్ ఉంది. ఇక ఊగడం మొదలు. ఈ షరతును ఒక్క వరుసలో రాయొచ్చు:

```
L < Rt × R × C
```

ఇక్కడ L వైరు ఇండక్టెన్స్, Rt సరఫరా వైపు మొత్తం రెసిస్టెన్స్, R డయోడ్ నెగటివ్ రెసిస్టెన్స్ పరిమాణం, C జంక్షన్ కెపాసిటెన్స్. మన అంకెలు వేస్తే 20 × 125 × 5 పికో, అంటే 12.5 నానోహెన్రీలు. ఒకటిన్నర సెంటీమీటరు వైరు కూడా ఎక్కువే. పది సెంటీమీటర్ల వైరుతో కట్టిన సర్క్యూట్ ఎనిమిది రెట్లు హద్దు దాటి 200 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల ఊగుతుంది. బెంచ్ మీద ఉన్నది 20 మెగాహెర్ట్జ్ ఆసిలోస్కోప్ అయితే ఆ ఊగడం తెర మీద కనబడదు. మీటర్ చూపించేది ఆ ఊగడం మొత్తం మీద సగటు కరెంటు. వాలు స్థానంలో చదునైన మెట్టు వచ్చింది అందుకే. వేలు దగ్గరికి తెస్తే రీడింగ్ కదలడం కూడా దీనికి గుర్తే. డీసీ మాత్రమే ఉన్న సర్క్యూట్ చేతి వేలిని పట్టించుకోదు.

దీనికి ఒక చక్కని విరుగుడు ఉంది. డయోడ్ కాళ్ల మీదే, ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా, 47 ఓంల చిప్ రెసిస్టర్‌ను పారలల్‌గా పెట్టాలి. డయోడ్ కండక్టెన్స్ −8 మిల్లీసీమెన్స్, రెసిస్టర్‌ది +21.3. కలిపితే +13.3, అంటే ఈ జంట బయటి ప్రపంచానికి మామూలు పాజిటివ్ రెసిస్టర్ లాగా కనిపిస్తుంది. బయట ఎంత పొడవు వైరున్నా ఊగదు. చూడాల్సింది డయోడ్, రెసిస్టర్ మధ్య చిన్న లూప్ ఒక్కటే. దాని హద్దు 47 × 125 × 5 పికో, సుమారు 29 నానోహెన్రీలు. చిప్ రెసిస్టర్‌ను దగ్గరగా సోల్డర్ చేస్తే అందులో పదోవంతు కూడా రాదు.

ఇప్పుడు మొత్తం కరెంటును కొలిచి, రెసిస్టర్ వాటాను తీసేయాలి. 65 మిల్లీవోల్టుల దగ్గర మొత్తం 2.38 మిల్లీఆంప్ వస్తే రెసిస్టర్ వాటా 1.38, మిగిలినది ఒక మిల్లీఆంప్. 125 దగ్గర మొత్తం 3.26, రెసిస్టర్ వాటా 2.66, డయోడ్‌కు 0.60. 350 దగ్గర 7.57లో 7.45 తీసేస్తే 0.12. కొలిచిన గ్రాఫు ఎక్కడా వంగకుండా పైకే పోతుంది. అందులోంచి సరళరేఖను తీసేశాకే దాక్కున్న కొండ, లోయ బయటపడతాయి. పుస్తకంలోని గ్రాఫు నిజమేనని నమ్మకం కుదిరేది ఈ తీసివేత దగ్గరే.

కావాలని ఊగించడం

అనుకోకుండా ఊగినదాన్నే మన ఇష్టప్రకారం ఊగిస్తే అది ఆసిలేటర్. 100 మెగాహెర్ట్జ్ కావాలనుకుందాం. డయోడ్ మీద అదనంగా 20 పికోఫారడ్లు పెడితే మొత్తం 25 అవుతుంది. దానికి 0.1 మైక్రోహెన్రీ కాయిల్ సరిపోతుంది. డివైడర్‌లోని 22 ఓంల రెసిస్టర్ నుంచి కాయిల్ ద్వారా డయోడ్‌కు కరెంటు ఇవ్వాలి. కాయిల్ నాణ్యత, అంటే క్యూ, 100 అనుకుంటే దాని నష్టాలు పారలల్‌గా 6.3 కిలో ఓంలతో సమానం. డయోడ్ −125 ఓంలతో పోస్తున్న శక్తి ముందు అది లెక్కలోకే రాదు. సర్క్యూట్‌లో ఎప్పుడూ ఉండే కొద్దిపాటి నాయిస్ చాలు, ఊగడం కొన్ని నానోసెకన్లలోనే రెట్టింపు, మళ్లీ రెట్టింపు అవుతూ పెరుగుతుంది.

ఎక్కడ ఆగుతుంది? వాలు అంచుల దగ్గర. వోల్టేజి ఊగుతూ ఊగుతూ ఒకవైపు శిఖరం దాటి, ఇంకోవైపు లోయ దాటి పోతే అక్కడ డయోడ్ రెసిస్టెన్స్ పాజిటివ్. వాలు మీద ఇచ్చినదాన్ని అంచుల్లో తిరిగి తీసుకుంటుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఒక చక్రంలో సరిసమానమైన దగ్గర ఊగడం స్థిరపడుతుంది. ఏ ఆసిలేటర్ అయినా ఇలాంటి హద్దు ఉంటేనే నిలబడుతుంది, ఇందులో ఆ హద్దు డయోడ్ గ్రాఫులోనే పుట్టుకతో ఉంది.

అయితే పై అంకెలతో వచ్చే తరంగం శుభ్రమైన సైన్ కాదు. దీన్ని ముందే చెప్పే ఒక నిష్పత్తి ఉంది: L ను C తో భాగించి వర్గమూలం తీస్తే వచ్చే ఓంలను 125తో పోల్చాలి. 0.1 మైక్రోహెన్రీ, 25 పికోఫారడ్లకు అది 63 ఓంలు, సగం. అంటే డయోడ్ ప్రతి చక్రంలోనూ ట్యాంక్‌ను గట్టిగా తోస్తోంది, తరంగం ఒంకరపోతుంది. ఈ నిష్పత్తి ఒకటి దాటిపోతే సైన్ ఆకారమే ఉండదు, డయోడ్ శిఖరం నుంచి అవతలికి దూకి, కాసేపు ఆగి, లోయ నుంచి ఇవతలికి దూకే చతురస్ర తరంగం లాంటిది వస్తుంది. శుభ్రంగా కావాలంటే కాయిల్ చిన్నది, కెపాసిటర్ పెద్దది ఉండాలి. 0.02 మైక్రోహెన్రీ, 125 పికోఫారడ్లు పెడితే ఫ్రీక్వెన్సీ అదే 100 మెగాహెర్ట్జ్, నిష్పత్తి మాత్రం పదోవంతుకు దిగుతుంది.

ఇక్కడే చాలా సర్క్యూట్లు చచ్చిపడి ఉంటాయి. ఊగాలంటే పైన చెప్పిన షరతు తలకిందులు కావాలి: L అనేది Rt × R × C కంటే ఎక్కువ ఉండాలి. మొదటి కాయిల్‌తో సిరీస్ రెసిస్టెన్స్ 32 ఓంల దాకా ఉన్నా ఊగుతుంది, డివైడర్ 20 ఓంలే కాబట్టి బతికిపోతుంది. రెండో కాయిల్‌తో ఆ హద్దు 1.28 ఓంలకు పడిపోతుంది. 20 ఓంలు ఎదురుగా ఉంటే ఊగదు. కాబట్టి 22 ఓంల రెసిస్టర్ మీద ఒక నానోఫారడ్ స్థాయి సిరామిక్ కెపాసిటర్ పెట్టి, 100 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ రెసిస్టర్‌ను పక్కకు తప్పించాలి. అప్పుడు ఏసీ దారిలో మిగిలేది కాయిల్ సొంత రెసిస్టెన్స్, 0.13 ఓంలు. బయాస్ కోసం డీసీకి 20 ఓంలు కనిపించాలి, ఊగడం కోసం ఏసీకి అవి కనిపించకూడదు. ఈ ఒక్క కెపాసిటర్ మరిచిపోయి కాయిల్‌ను గంటల తరబడి మార్చుకుంటూ కూర్చుంటే ఫలితం ఉండదు.

ఫ్రీక్వెన్సీని ఎంతవరకు పెంచొచ్చన్నదానికి డయోడ్ లోపలే సమాధానం ఉంది. జంక్షన్‌కు సిరీస్‌లో సెమీకండక్టర్ ముక్కదీ కాంటాక్టుదీ కలిపి 1.5 ఓంల దాకా రెసిస్టెన్స్ ఉంటుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ 5 పికోఫారడ్ల కెపాసిటెన్స్ నెగటివ్ రెసిస్టెన్స్‌ను మూసేస్తూ పోతుంది, బయటికి కనిపించే నెగటివ్ భాగం చిక్కిపోతుంది. 2.3 గిగాహెర్ట్జ్ దగ్గర అది సరిగ్గా 1.5 ఓంలకు సమానమై రద్దయిపోతుంది. ఆ పైన ఈ డయోడ్ ఇచ్చేది ఏమీ ఉండదు. టన్నెలింగ్ ఇంకా ఎంతో వేగంగా జరుగుతూనే ఉంటుంది, దాని ఫలితాన్ని బయటికి రానివ్వనివి ఈ కెపాసిటెన్స్, ఈ ఒకటిన్నర ఓం.

దూకించడం

ఇప్పుడు మొదటి ప్రయత్నంలో వచ్చిన ఆ దూకుడు. 1.5 వోల్టుల నుంచి 1.6 కిలో ఓంల ద్వారా డయోడ్‌కు కరెంటు ఇస్తే, శిఖరానికి ఇవతల 0.9 మిల్లీఆంప్ దగ్గర అది ప్రశాంతంగా కూర్చుంటుంది. వోల్టేజి 50 మిల్లీవోల్టుల లోపే. బయటి నుంచి 0.1 మిల్లీఆంప్ కంటే కాస్త ఎక్కువ పల్స్ వస్తే మొత్తం ఒక మిల్లీఆంప్ దాటుతుంది. శిఖరం మీద అంతకంటే ఎక్కువ కరెంటును డయోడ్ టన్నెలింగ్‌తో మోయలేదు. మిగిలిన కరెంటు జంక్షన్ కెపాసిటెన్స్‌ను చార్జ్ చేస్తుంది, వోల్టేజి పెరుగుతుంది, పెరిగినందుకు డయోడ్ ఇంకా తక్కువ కరెంటు తీసుకుంటుంది, కెపాసిటెన్స్‌కు ఇంకా ఎక్కువ మిగులుతుంది. తనను తానే తోసుకుంటూ పోయే ఈ పరుగు అవతలి పాజిటివ్ వాలు మీద, 470 మిల్లీవోల్టుల దగ్గర ఆగుతుంది. పల్స్ పోయినా అక్కడే ఉంటుంది. వెనక్కి రావాలంటే కరెంటు లోయ కంటే, అంటే 0.12 మిల్లీఆంప్ కంటే, కిందికి దించాలి.

ఈ దూకుడుకు పట్టే సమయం సుమారుగా ఇంత:

```
t ≈ C × ΔV / (Ip − Iv)
```

ΔV దూకే వోల్టేజి, Ip శిఖర కరెంటు, Iv లోయ కరెంటు. 5 పికోఫారడ్లు, 0.43 వోల్టులు, 0.88 మిల్లీఆంప్ వేస్తే 2.4 నానోసెకన్లు. ఈ లెక్కలో లేని ఒక పదం మీద దృష్టి పెట్టాలి: మామూలు డయోడ్‌లోనూ ట్రాన్సిస్టర్‌లోనూ ఆఫ్ కావడానికి ముందు జంక్షన్‌లో పోగైన మైనారిటీ కారియర్లు ఖాళీ కావాలి. టన్నెలింగ్‌లో ఎలక్ట్రాన్ ఇటు నిండిన స్థాయి నుంచి అటు ఖాళీ స్థాయికి నేరుగా పోతుంది, మధ్యలో ఏదీ పోగుపడదు. మిగిలేది కెపాసిటెన్స్‌ను నింపే పని ఒక్కటే.

అందుకే ఈ డయోడ్ వేగాన్ని శిఖర కరెంటును కెపాసిటెన్స్‌తో భాగించి చెబుతారు. వేగం కావాలంటే పది మిల్లీఆంప్ డయోడ్ కొంటే సరిపోతుందా? జంక్షన్ వైశాల్యాన్ని పదిరెట్లు చేసి ఆ పది మిల్లీఆంప్ తెచ్చి ఉంటే కెపాసిటెన్స్ కూడా పదిరెట్లవుతుంది, సమయం ఏమాత్రం మారదు. డోపింగ్ పెంచాలి. గోడ కొంచెం పలచబడితే కెపాసిటెన్స్ కొంచెమే పెరుగుతుంది, టన్నెలింగ్ కరెంటు మాత్రం ఎన్నో రెట్లు పెరుగుతుంది. అదే 5 పికోఫారడ్లతో పది మిల్లీఆంప్ వస్తే సమయం 0.24 నానోసెకన్లకు దిగుతుంది. వైశాల్యాన్ని కూడా తగ్గిస్తే ఇంకా దిగుతుంది. దీని ఖరీదు బలహీనత. జంక్షన్ సన్నటి మెడ లాగా చెక్కబడి ఉంటుంది, మల్టీమీటర్‌ను ఓంస్ రేంజ్‌లో పెట్టి పరీక్షించినా చిన్న డయోడ్లు చచ్చిపోవచ్చు.

1960లలో ఈ దూకుడు విలువను బాగా వాడుకున్నది ఆసిలోస్కోపుల తయారీదారులే. ట్రిగ్గర్ సర్క్యూట్‌కు వచ్చే సిగ్నల్ ఎంత మెల్లగా పెరిగినా, అది శిఖర కరెంటు దాటిన క్షణంలో డయోడ్ ఒకే రకంగా, ఒకే వేగంతో దూకుతుంది. తెర మీద తరంగం కదలకుండా నిలబడడానికి కావాల్సింది అదే. టెక్ట్రానిక్స్ 284 పల్స్ జనరేటర్ టన్నెల్ డయోడ్‌తో 70 పికోసెకన్ల అంచును ఇచ్చింది. అదే కంపెనీ ఎస్-52 యూనిట్‌లో అది 25 పికోసెకన్లకు దిగింది. అర వోల్టు కూడా లేని అంచు కోసం అంత శ్రమపడ్డారంటే, అప్పటికి అంత నిటారైన అంచును ఇచ్చే చౌక దారి ఇంకొకటి లేకపోవడమే కారణం.

దూకుడులోనూ ఒక చిక్కు ఉంది. శిఖరాన్ని కొద్దిగా మాత్రమే దాటితే మొదట్లో కెపాసిటెన్స్‌కు మిగిలే కరెంటు చాలా తక్కువ, డయోడ్ శిఖరం మీద తచ్చాడుతుంది. అప్పుడు నాయిస్ ఒక్కోసారి ముందుగా, ఒక్కోసారి ఆలస్యంగా తోస్తుంది, అంచు వేగంగానే ఉన్నా వచ్చే వేళ వణుకుతుంది. పాత స్కోపుల్లో డయోడ్ వయసు మీరి శిఖర కరెంటు మారితే బయాస్ శిఖరానికి మరీ దగ్గరగానో మరీ దూరంగానో పడుతుంది. ట్రిగ్గర్ తనంతట తాను పడిపోవడం, లేదా ఎంత సిగ్నల్ ఇచ్చినా పడకపోవడం అప్పుడే కనిపిస్తుంది. బాగుచేసేవాళ్లు ముందుగా చూడాల్సింది బయాస్ కరెంటునూ, ఆ డయోడ్ అసలు శిఖరాన్నీ.

ఎందుకు వెనకబడింది

రెండే కాళ్లు ఉండడం మొదటి కారణం. ట్రాన్సిస్టర్‌లో ఇన్‌పుట్ ఒకచోట, అవుట్‌పుట్ ఇంకోచోట ఉంటాయి. ఇక్కడ రెండూ ఒకే కాలు. ఒక డయోడ్ దూకితే ఆ సిగ్నల్ ముందుకే కాదు, తనను తోసిన దాని వైపు వెనక్కి కూడా పోతుంది. ఇలాంటి వాటిని వందల కొద్దీ గొలుసుకట్టి కంప్యూటర్ చేయడం కష్టం. పైగా 0.9 మిల్లీఆంప్ బయాస్, ఒక మిల్లీఆంప్ శిఖరం మధ్య తేడా పదో వంతే. వందల డయోడ్ల శిఖరాలు, రెసిస్టర్లు, సరఫరా వోల్టేజి అన్నీ ఆ పదో వంతులో ఇమడాలి.

రెండోది పవర్. మన డయోడ్‌లో వాలు 285 మిల్లీవోల్టులు, 0.88 మిల్లీఆంప్ మేర మాత్రమే ఉంది. ఆ పరిధి నిండా సైన్ తరంగం ఊగినా వచ్చేది 31 మైక్రోవాట్ల చుట్టుపక్కల. వోల్టేజిని పెంచే దారి లేదు, ఎందుకంటే శిఖరం, లోయ ఎక్కడ ఉండాలో సెమీకండక్టర్ బ్యాండ్‌లే నిర్ణయిస్తాయి. కరెంటును పెంచితే నెగటివ్ రెసిస్టెన్స్ కొన్ని ఓంలకు పడిపోతుంది, దానికి తగిన బయాస్, కాయిల్ కట్టడం ఇంకా కష్టమవుతుంది.

ఈ డయోడ్ వారసుడు మాత్రం ఇప్పటికీ ప్రయోగశాలల్లో పరుగెడుతున్నాడు. ఒక గోడ బదులు రెండు పలుచని గోడలు, మధ్యలో కొన్ని నానోమీటర్ల బావి పెట్టి చేసే రెసొనెంట్ టన్నెలింగ్ డయోడ్లు ఒక టెరాహెర్ట్జ్ దాటి ఊగుతున్నాయి. వాటి పక్కనే, అదే చిప్ మీద, ఒక చిన్న షంట్ రెసిస్టర్ ఉంటుంది. అది లేకపోతే డయోడ్ టెరాహెర్ట్జ్ దగ్గర కాకుండా బయాస్ వైర్ల ఇండక్టెన్స్‌తో ఎక్కడో కింది ఫ్రీక్వెన్సీలో ఊగడం మొదలుపెడుతుంది. బ్రెడ్‌బోర్డు మీద 47 ఓంల చిప్ చేసిన పనినే అక్కడా ఆ రెసిస్టర్ చేస్తోంది.